మాల వేసుకున్న మూడో రోజు

2024 నవంబరు 16, శనివారం రాత్రి పదింటికి మా ఆయన ఆఖరి గ్లాసు తాగారు. సీసాలో చుక్క మిగలకూడదని కూర్చుని మొత్తం ఖాళీ చేసి, ఖాళీ సీసా తనే తీసుకెళ్ళి డ్రైనేజీలో పడేసి వచ్చారు. మర్నాడు తెల్లవారుజామున అయ్యప్ప మాల. నలభై ఒక్క రోజులు మందు ముట్టరు కదా అని నాకు ఎంత సంతోషమో చెప్పలేను. ఇంట్లో ఎవరైనా తాగుతుంటే మాల సీజన్ కోసం ఆడవాళ్ళం ఎలా ఎదురుచూస్తామో ఆ ఇళ్ళవాళ్ళకే తెలుసు.

మాది తాడేపల్లిగూడెం దగ్గర. చిన్న టైలరింగ్ షాపు. ఆయన ప్యాంట్లు, షర్టులు కుడతారు, నేను జాకెట్లు, ఫాల్స్, పీకో చూస్తాను. ఎనిమిదేళ్ళుగా రోజూ తాగుతున్నారు. మొదట్లో రాత్రి ఒక క్వార్టరుతో ఆగేది. చివరి రెండేళ్ళూ పొద్దున ఒక క్వార్టరు, సాయంత్రం నుంచి రెండు. అంటే రోజుకి అర లీటరు పైనే. పొద్దున క్వార్టరు ఎందుకంటే, అది పడకపోతే చేతులు వణికి సూదిలో దారం ఎక్కేది కాదు. తాగితే పది నిమిషాల్లో వణుకు ఆగిపోయేది. దాన్ని నేను చెడ్డ అలవాటుగానే చూశాను. మానేస్తే ఏదో జరగబోతోందనడానికి అంతకంటే పెద్ద గుర్తు లేదని ఆసుపత్రిలో చెప్పేదాకా తెలియలేదు.

ఆయన మాల వేసుకోవడం ఇది మూడోసారి. మొదటిసారి రెండు రోజులు చేతులు వణికాయి, అంతే. రెండోసారి నాలుగు రోజులు నిద్ర లేదు, ఒళ్ళంతా చెమటలు, ఒక రాత్రి ఎవరో పిలుస్తున్నారని లేచి తలుపు తీశారు. తర్వాత సర్దుకుంది. అందుకే ఈసారి కూడా "మూడు రోజులు ఓపిక పట్టు, అదే పోతుంది" అన్నారు. నేనూ అదే అనుకున్నాను. నిజానికి ఇది తిరగబడి పనిచేస్తుందట. మానేసి, మళ్ళీ మొదలెట్టి, మళ్ళీ మానేస్తే మెదడు ప్రతిసారీ ముందుకంటే ఎక్కువ అదురుతుందట. పోయినసారి బాగానే గడిచింది కదా అన్న ధైర్యమే మా కొంప ముంచింది.

ఆదివారం ఉదయం అయిదింటికి గుళ్ళో గురుస్వామి చేతుల మీదుగా మాల పడింది. మధ్యాహ్నానికి వణుకు మొదలైంది. భిక్షకి కూర్చుంటే గ్లాసు నోటిదాకా వెళ్ళలేదు, నీళ్ళు గుండెల మీద ఒలికాయి. ఫ్యాను తిరుగుతున్నా నల్ల లుంగీ తడిసిపోయేంత చెమట. రాత్రంతా చాప మీద అటూ ఇటూ దొర్లడమే.

సోమవారం, కార్తీక సోమవారం. నాలుగున్నరకి పెరట్లో చన్నీళ్ళ స్నానం చేస్తున్నారు. రెండో చెంబు పోసుకునేసరికి దబ్బున పడ్డ చప్పుడు. వెళ్ళి చూస్తే ఒళ్ళంతా కొయ్యలా బిగుసుకుని, తర్వాత కాళ్ళూ చేతులూ కొట్టుకుంటున్నాయి. నాలుక కొరుక్కున్నారు, నోట్లోంచి రక్తం. ఒక నిమిషమో రెండు నిమిషాలో, నాకు మాత్రం గంట. పక్కింటివాళ్ళు తాళాల గుత్తి తెచ్చి చేతిలో పెట్టారు, ఒకరు ఉల్లిపాయ వాసన చూపించారు. వాటివల్ల ఆగలేదు, దానంతట అదే ఆగింది. తర్వాత అరగంట మత్తుగా ఉండి లేచారు. ఆఖరి గ్లాసు తర్వాత అప్పటికి ముప్పైన్నర గంటలు. మానేసిన రెండు రోజుల లోపు వచ్చే ఫిట్స్ ఇవేనట. మాకేం తెలుసు? చలికి, ఉపవాసానికి వచ్చాయనుకున్నాం.

ఏడింటికి ఆర్ఎంపీ వచ్చి నీరసం అని గ్లూకోజు సెలైను ఎక్కించాడు. ఒళ్ళు కొంచెం వెచ్చగా ఉందని రక్తపరీక్ష రాశాడు. ప్లేట్‌లెట్లు 88 వేలే ఉన్నాయి. ఆ నెలలో మా వీధిలో ఇద్దరికి డెంగీ వచ్చింది, అందుకని డెంగీ పరీక్ష నెగెటివ్ వచ్చినా "అనుమానమే, బొప్పాయి ఆకు రసం తాగించండి" అన్నాడు. ఎక్కువ తాగేవాళ్ళకి మందు వల్లే ప్లేట్‌లెట్లు పడిపోతాయని, మానేశాక వారంలో వాటంతట అవే పెరుగుతాయని తర్వాత తెలిసింది. ఆయనవి అలాగే పెరిగాయి.

అసలు తప్పు ఆర్ఎంపీది కాదు, నాది. "ఈయన రోజూ తాగేవారు, మొన్న రాత్రి నుంచి ఆపేశారు" అని నేను అతనికి చెప్పలేదు. మెడలో మాల, నల్ల బట్టలు, నుదుటన విభూతి, ఎదురుగా "స్వామి శరణం" అని దండం పెడుతున్న మనిషి ముందు ఆ మాట ఎలా చెప్పను? నోటిదాకా వచ్చింది, మింగేశాను. సోమవారం పొద్దున ఆ ఒక్క మాట చెప్పి ఉంటే మంగళవారం రాత్రి అంతదాకా వచ్చేది కాదేమో.

మంగళవారం పొద్దున కాస్త తేలికపడ్డట్టు కనిపించారు. రెండు ఇడ్లీలు తిన్నారు. హమ్మయ్య, గండం గడిచింది అనుకుని నేను షాపు తెరిచాను. సాయంత్రం నాలుగింటికి మా అత్తయ్య ఫోన్ చేసి "వాడేదో దుప్పటి దులుపుతూనే ఉన్నాడమ్మా, ఆపడం లేదు" అంది. వెళ్ళేసరికి దుప్పటి మీద చీమలని ఏరి ఏరి కింద పారేస్తున్నారు. ఒక్క చీమ లేదు. లేవు కదా అంటే నా వంక చూసి "నీకు కనిపించవులే" అని నవ్వారు.

దీపాలు పెట్టే వేళకి ఇంకోటి మొదలైంది. గదిలో దండెం మీద ఆయన నల్ల బట్టలు ఆరేసి ఉన్నాయి. దాని వంక చూస్తూ చేతులు జోడించి "శరణమయ్యప్పా" అంటున్నారు. ఏంటి స్వామీ అంటే, బొటనవేలంత స్వాములు వరుసగా దండెం మీద నడిచి వెళ్తున్నారట. అందరి నెత్తినా ఇరుముడి ఉందట. కర్టెను రాడ్డు మీద మెట్లెక్కుతున్నారట, ఒకడు జారి పడబోతే వెనకాలవాడు పట్టుకున్నాడట. ఎంత వివరంగా చెప్పారంటే మా అత్తయ్య కర్పూరం వెలిగించి హారతి ఇచ్చింది. నాకూ ఒక్క క్షణం ఒళ్ళు జలదరించింది, అబద్ధం ఎందుకు. పక్కింటివాళ్ళు వచ్చి కాళ్ళకి మొక్కారు.

ఆ చిన్న మనుషులు, చీమలు, పురుగులు ఈ జబ్బులో తరచుగా కనిపించేవేనని డాక్టరు తర్వాత చెప్పారు. మనసులో అప్పటికి ఏది తిరుగుతుంటే అది ఆ రూపం కట్టుకుంటుందట. ఆయనకి స్వాములు కనిపించారు. లారీ డ్రైవరు అయితే మంచం మీద గేర్లు మారుస్తాడట.

తొమ్మిదింటికి భయం మొదలైంది. స్వాములు పోయి పోలీసులొచ్చారు. కిటికీలోంచి ఎవరో టార్చి వేస్తున్నారని మంచం కిందకి దూరారు. పదేళ్ళ మా పాపని తన చెల్లెలి పేరు పెట్టి పిలిచారు. ఇది ఇల్లు కాదు, షాపని అంటారు. ఈ రోజు ఏ వారం అంటే పండగ అంటారు. ఒళ్ళు కాలిపోతోంది. థర్మామీటరు పెడితే 102.4. పారాసెటమాల్ వేసినా దిగలేదు. ఒంటి నిండా చెమట, ఒక్క చోట కూర్చోరు. మణికట్టు పట్టుకుంటే నాడి నా వేళ్ళ కింద టపటపా కొట్టుకుంటోంది. రెండోసారి మాలప్పుడు ఎవరో పిలిచినట్టు వినపడిందన్నాను కదా, అప్పుడు మాత్రం తను ఎక్కడున్నారో, నేనెవరో ఆయనకి తెలుసు. ఈసారి అదే పోయింది. తేడా అక్కడ ఉందట: ఏదో కనపడటం, వినపడటం వేరు, మనిషికి మనుషులూ చోటూ కాలమూ తెలియకపోవడం, దానికి తోడు జ్వరం, గుండె వేగం, చెమట కలవడం వేరు.

పదకొండింటికి మా మరిది వచ్చి గుట్టుగా వంటగదిలోకి పిలిచాడు. "వదినా, క్వార్టరు తెచ్చాను. ఒక్క గుక్క పోస్తే పడుకుంటాడు." మాల మెడలో ఉండగానా అని నేను వద్దన్నాను. వద్దనడానికి నాకు తెలిసిన కారణం అదొక్కటే. అసలు కారణం వేరే ఉంది: అలా స్పృహ సరిగ్గా లేని మనిషి గొంతులో ఏది పోసినా ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు, పైగా ఆ దశలో ఒక క్వార్టరుతో ఆగేది కాదు.

ఎవరికి చెప్పాలో తెలియక గురుస్వామికి ఫోన్ చేశాను. దీక్షలో ఏదో దోషం జరిగిందని, ప్రాయశ్చిత్తం చెబుతారని అనుకున్నాను. ఆయన మొత్తం విని ఒకటే అడిగారు: "అమ్మా, స్వామి రోజూ పుచ్చుకునేవాడా? ఆపి ఎన్నాళ్ళయింది?" మూడు రోజులు అన్నాను. "ఇది స్వామి కాదమ్మా, మందు దిగుతోంది. నాలుగేళ్ళ కిందట నా చేత్తో మాల వేసిన కుర్రాడికి ఇలాగే వచ్చింది. పూజలు చేస్తూ కూర్చున్నాం, ఐదో రోజు పోయాడు. 108కి ఫోన్ చెయ్యి, నేను వస్తున్నాను." అంబులెన్సు కంటే ముందు ఆయనే వచ్చారు. మాల తనే తీసి కండువాలో కట్టుకుని "దీని సంగతి నేను చూసుకుంటాను, నువ్వు భయపడకు" అన్నారు. మాల తీస్తే ఏమవుతుందో అని మా అత్తయ్య ఏడుపు ఆ మాటతో ఆగింది.

108 పన్నెండూ పదికి వచ్చింది. ఎక్కించడానికి నలుగురు పట్టుకోవాల్సి వచ్చింది. మొదట వెళ్ళిన చిన్న ఆసుపత్రిలో ఒక ఇంజెక్షను ఇచ్చి, ఐసీయూ ఉన్న చోటికి తీసుకెళ్ళమన్నారు. అక్కడ నలభై నిమిషాలు పోయాయి. రాజమండ్రిలో ప్రైవేటు ఆసుపత్రికి చేరేసరికి బుధవారం తెల్లవారుజాము రెండున్నర. ఇరవై వేలు అడ్వాన్సు కట్టమన్నారు. నా దగ్గర ఆరున్నర వేలు ఉన్నాయి. మరిది వాళ్ళ స్నేహితుణ్ణి నిద్ర లేపి ఫోన్లో డబ్బు వేయించుకున్నాడు. కానీ డబ్బు కోసం వైద్యం ఆపలేదు, ఆ మాట చెప్పాలి.

డ్యూటీ డాక్టరు నన్ను మొదట అడిగినవి మూడు: ఆఖరి గుక్క ఏ రోజు ఎన్ని గంటలకి, రోజుకి ఎంత, ఫిట్స్ వచ్చాయా. ఈసారి దాచలేదు. అంకెలతో సహా చెప్పాను. తర్వాత అడిగింది, ఆర్ఎంపీ ఏ సెలైను పెట్టాడని. గ్లూకోజు అంటే ఆయన ముఖం మారింది. ఏళ్ళ తరబడి తాగేవాళ్ళ ఒంట్లో థయమిన్ అనే బి1 విటమిన్ అడుగంటి ఉంటుందట. అది ఇవ్వకుండా గ్లూకోజు ఎక్కిస్తే ఉన్న కాస్తా ఖర్చయిపోయి మెదడు దెబ్బతినొచ్చట. కళ్ళు అదుపు తప్పడం, నడక తూలడం, తర్వాత జ్ఞాపకశక్తి శాశ్వతంగా పోవడం దాకా వెళ్ళొచ్చట. అందుకని ముందు థయమిన్ ఇంజెక్షను పెట్టారు, తర్వాతే మిగతావి.

గుండె నిమిషానికి 138 కొట్టుకుంటోంది, బీపీ 170, జ్వరం 102.6. పెరట్లో పడ్డారు కనుక తలలో రక్తస్రావం ఉందేమోనని సీటీ స్కాన్ తీశారు. జ్వరం ఉంది కనుక న్యుమోనియా ఉందేమోనని ఛాతీ ఎక్స్‌రే. రెండూ బాగానే ఉన్నాయి. అన్నీ తెలిసినా ఇవెందుకని మరిది గొణిగాడు. ఈ జబ్బులో జ్వరం దానంతట అదే వస్తుంది, అలాగని వేరే ఏమీ లేదని చూడకుండా వదిలేస్తే అదే ప్రాణం తీస్తుందని డాక్టరు అన్నారు. పొటాషియం 2.8 ఉంది, మెగ్నీషియం కూడా తక్కువే. అవి అలా ఉంటే గుండె లయ తప్పుతుందని సెలైనులో కలిపి మెల్లగా ఎక్కించారు.

అసలు మందు, మెదడుని శాంతపరిచే లోరాజెపామ్ ఇంజెక్షను. లివరు రిపోర్టు బాగా లేదు కాబట్టి ఇది ఎంచుకున్నామన్నారు. మొదటి గంటలో రెండేసి మిల్లీగ్రాములు నాలుగు సార్లు పెట్టారు. పెట్టడం, పది పదిహేను నిమిషాలు ఆగి చూడటం, వణుకు, చెమట, నాడి లెక్క రాసుకోవడం, మళ్ళీ పెట్టడం. మామూలు మనిషికి అందులో సగం పెట్టినా మత్తుగా పడి ఉంటాడట. ఆయన మాత్రం లేచి పోలీసులతో వాదిస్తూనే ఉన్నారు. ఇంట్లో నిద్రమాత్ర వేస్తే సరిపోయేది కదా అని అప్పటిదాకా నా మనసులో ఉండేది, ఇది చూశాక పోయింది. శాంతించడానికి కావలసిన మోతాదుకీ ఊపిరి ఆగిపోయే మోతాదుకీ మధ్య ఎక్కడ ఆపాలో, పక్కనే నిలబడి వేలికి క్లిప్పు పెట్టి ఆక్సిజన్ చూస్తున్న నర్సుకి తెలుస్తుంది కానీ నాకెలా తెలుస్తుంది?

బుధవారం తొమ్మిదింటికి మానసిక వైద్యురాలు వచ్చారు. మా ఆయన ఏం పని చేస్తారో నేను చెప్పాను. ఆవిడ మంచం పక్కన కూర్చుని బొటనవేలూ చూపుడువేలూ కలిపి చాపి "ఈ దారం కాస్త పట్టుకోండి" అన్నారు. చేతిలో ఏమీ లేదు. ఆయన ఎంతో జాగ్రత్తగా అందుకున్నారు. కొస నాలుకకి తడి చేసుకున్నారు. ఎడమ చేత్తో లేని సూదిని ఎత్తి, ఒక కన్ను మూసి, దారం ఎక్కించడానికి ప్రయత్నిస్తున్నారు. చేయి వణికి తప్పిపోతుంటే విసుక్కుంటున్నారు. "ఏం రంగు?" అని డాక్టరమ్మ అడిగితే "నలుపు. స్వాముల బట్టలకి కదా" అన్నారు. తర్వాత ఆవిడ తెల్ల కాగితం ఇచ్చి చదవమన్నారు. "పొడవు 40, నడుము 34, సీటు 38, బాటమ్ 14" అని చదివారు. అవి మా మరిది కొలతలు.

నేను అప్పటిదాకా ఏడవలేదు. అక్కడ ఏడ్చాను.

"డెలిరియం ట్రెమెన్స్. మేం డీటీ అంటాం" అన్నారావిడ. పిచ్చి కాదని, ఎవరో చేసింది కాదని, ఏది చెబితే అది నిజంగా కళ్ళకి కట్టేంత మెదడు గందరగోళంగా ఉందని చెప్పారు. మందు ఎందుకు ఇలా చేస్తుందో కూడా చెప్పారు కానీ నేను దాన్ని మా మిషను మీద పెట్టి అర్థం చేసుకున్నాను. మోటారు మిషను చక్రాన్ని ఒకరు చేత్తో గట్టిగా నొక్కి పట్టుకున్నారనుకోండి. కుట్టు పడాలంటే మీరు పెడల్ ఇంకా గట్టిగా తొక్కుతారు. ఎనిమిదేళ్ళు అలాగే తొక్కారు. ఇప్పుడు ఆ చెయ్యి ఒక్కసారి తీసేస్తే? మిషను ఒళ్ళు తెలియకుండా పరిగెడుతుంది. మందు ఆ చెయ్యి, మెదడు ఆ పెడల్. ఆసుపత్రిలో ఇచ్చే ఇంజెక్షను మళ్ళీ చక్రం మీద చెయ్యి వేయడం, రోజూ కొంచెం కొంచెంగా ఎత్తడం. పెడల్ మీద కాలు మెల్లగా తేలికవడానికి నాలుగైదు రోజులు పడుతుంది. వైద్యం లేని పాత రోజుల్లో ఇది వచ్చినవాళ్ళలో ముగ్గురికి ఒకరు దాకా పోయేవారట, ఇప్పుడు వేళకి ఆసుపత్రికి వస్తే నూటికి ఒకరి నుంచి ఐదుగురి దాకా.

2020 లాక్‌డౌన్‌లో మందు షాపులు మూసేసినప్పుడు హైదరాబాద్ ఎర్రగడ్డ ఆసుపత్రికి ఇలాంటి కేసులు వరుస కట్టాయని కూడా ఆవిడ అన్నారు. అప్పుడు మా ఆయనకి ఏమీ కాలేదు. ఎందుకంటే మూడింతల ధర పెట్టి ఎక్కడో తెచ్చుకున్నారు. ఆ రోజుల్లో ఆ డబ్బు కోసం నేను ఎంత పోట్లాడానో గుర్తొచ్చింది.

బుధ, గురు రాత్రులు ఎలా గడిచాయో ఎక్కువ రాయను. చీకటి పడితే ఎక్కువయ్యేది. సెలైను సూది రెండుసార్లు పీకేశారు. మెత్తటి గుడ్డపట్టీలతో చేతులు మంచానికి కట్టారు, గంటకోసారి విప్పి చర్మం చూసి మళ్ళీ కట్టేవాళ్ళు. చూడలేకపోయాను కానీ విప్పమని అడగలేదు. నాకు తెలియని సంగతి ఒకటి అక్కడ నేర్చుకున్నాను. పడుకుంటారని నేను లైటు ఆర్పితే నర్సు వచ్చి వేసింది. చీకట్లో నీడలు మనుషులవుతాయట, మసక లైటు ఉండాలట. పది మంది చుట్టాలు వచ్చి పలకరించకూడదు, తెలిసిన మనిషి ఒకరే ఉండాలి. స్వాములు ఉన్నారంటే లేరని వాదించకూడదు, అవునని హారతీ ఇవ్వకూడదు. "నేను ఉన్నాను, ఇది ఆసుపత్రి, ఈ రోజు గురువారం" అని మెల్లగా అదే మాట చెబుతూ ఉండాలి. ఆ రెండు రోజుల్లో గురువారం అన్న మాట ఎన్నిసార్లు అన్నానో.

శుక్రవారం సాయంత్రం ఆరింటికి నిద్రపోయారు. నిజమైన నిద్ర. గురక విని భయపడి నర్సుని పిలిస్తే మానిటరు చూసి "పడుకోనివ్వండి, దీనికోసమే చూస్తున్నాం" అంది. పదిహేను గంటలు. శనివారం పొద్దున తొమ్మిదింటికి కళ్ళు తెరిచి, చేతి పట్టీలు చూసుకుని, నా వంక చూసి "ఏమే, పాప స్కూలుకి వెళ్ళిందా?" అన్నారు. ఈ రోజు ఏ వారమని అడిగితే ఆలోచించి "సోమవారం" అన్నారు. ఆయన లెక్కలో పెరట్లో రెండో చెంబు దగ్గరే ఆగిపోయింది. జ్వరం అప్పటికే 99కి దిగింది.

తర్వాత నాలుగు రోజులు వార్డులో. 27న, బుధవారం డిశ్చార్జి. మొత్తం బిల్లు 81,400. ఐసీయూ రోజుకి 9,500, అన్నిటికంటే పెద్ద ఖర్చు అదే. ఆశ్చర్యం ఏమిటంటే, ప్రాణం నిలబెట్టిన ఆ లోరాజెపామ్, థయమిన్ ఇంజెక్షన్లు అన్నీ కలిపినా బిల్లులో చిన్న లైను. మాకు ఐదు లక్షల ఇన్సూరెన్సు ఉంది, మూడేళ్ళుగా కడుతున్నాం. డిశ్చార్జి సమ్మరీలో మందు మానడం వల్ల అని ఉండటంతో ఒక్క రూపాయి ఇవ్వలేదు. తాగుడూ దానివల్ల వచ్చేవీ పాలసీలో మినహాయింపు అని సన్న అక్షరాల్లో ఉందట. డాక్టరుని ఆ మాట తీసేయమని అడుగుదామని మరిది అన్నాడు. మళ్ళీ దాచడం నావల్ల కాదన్నాను. నా గాజులు తాకట్టు పెట్టాం.

ఇంటికొచ్చాక ఇద్దరు ముగ్గురు చెప్పిన సలహా ఒకటుంది, అన్నంలో తెలియకుండా కలిపే పొడి. డాక్టరమ్మని అడిగాను. అలాంటివాటిలో ఏముందో తెలియదని, మందు పడకుండా చేసే మాత్రలు నిజంగానే ఉన్నాయి కానీ అవి మనిషికి తెలిసి, ఒప్పుకుని వేసుకోవాలని, తెలియకుండా పెట్టాక అతను తాగితే బీపీ పడిపోయి ప్రమాదమని అన్నారు. మా ఆయనకి తాగాలనే కోరిక తగ్గించే మాత్ర, రోజూ ఒక థయమిన్ మాత్ర రాశారు. ఇంకో మాట డాక్టరమ్మ ఆయన ఎదురుగానే అన్నారు: "మళ్ళీ మొదలెడితే, మళ్ళీ మానాలనిపిస్తే మీ అంతట మీరు ఒక్కరోజులో ఆపొద్దు. ఆఖరి గ్లాసుకి ముందే ఇక్కడికి రండి. మాత్రలతో వారంలో దింపుతాం." మొదటిసారే ఇలా వచ్చి ఉంటే మాకు ఐసీయూ అవసరం ఉండేది కాదట, ఇంటి దగ్గరే మాత్రలతో అయిపోయేదేమో, లేదా మూడు రోజులు వార్డులో.

గురుస్వామి వచ్చి చూసి వెళ్ళారు. ఈ ఏడాది నుంచి మాల వేసే ముందు ప్రతి కొత్త స్వామినీ పక్కకి పిలిచి, పొద్దునే మందు పడకపోతే చేతులు వణుకుతాయా అని అడుగుతానన్నారు.

ఆయనకి ఆ నాలుగు రోజుల్లో ముక్కలు ముక్కలుగా గుర్తున్నాయి. పోలీసులు గుర్తున్నారు. పాపని గుర్తుపట్టకపోవడం గుర్తులేదు, నేనూ చెప్పలేదు. ఒక రాత్రి భోజనం చేస్తూ "డాక్టరమ్మ చేతిలో నిజంగా దారం లేదా?" అని అడిగారు. లేదన్నాను. కాసేపు ఊరుకుని పప్పు వేయమన్నారు.

డిసెంబరు రెండో వారంలో షాపుకి వచ్చారు. చేతులు ఇంకా కొంచెం వణుకుతాయి, సూదిలో దారం నేనే ఎక్కించి ఇస్తున్నాను. రాత్రుళ్ళు మెలకువ వస్తే ఆయన చూపు తిన్నగా దండెం దగ్గరికే వెళ్తుందని నేను గమనించాను. అడగకుండానే దాన్ని విప్పి డాబా మీద కట్టాను. కర్టెను రాడ్డు కూడా తీయించాలి, వడ్రంగి ఆదివారం వస్తానన్నాడు.